పన్నెండున్నరా, నూట పాతికా?

తెనాలిలో ఉండే మా పిన్నికి డెబ్భై రెండేళ్లు. మూడేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. ఆ మధ్య హైదరాబాదులో కొత్త డాక్టరుగారికి చూపించాల్సి వచ్చింది. ఆవిడ వేసుకునే మందులన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టే పని నాకు అప్పగించారు. మా తమ్ముడు సీసాలూ మాత్రల షీట్లూ భోజనాల బల్ల మీద వరసగా పేర్చి, అన్నీ కలిపి ఒకే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. ఫొటోలోని అక్షరాలను కాపీ చేసుకునే వీలు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. దాంతోనే ఒక్కొక్క లేబులూ ఎత్తి రాసుకుంటూ వచ్చాను. థైరాయిడ్ మాత్రల సీసా దగ్గర ఫోను 125 mcg అని ఇచ్చింది. ఫొటోను పెద్దది చేసి చూశాను. నా కంటికీ 125 లాగే కనబడింది. రాసేశాను.

రాత్రి పిన్నికి ఫోన్ చేసి జాబితా చదివి వినిపించాను. ఆ వరస రాగానే ఆవిడ ఆపేసింది. "నూట పాతిక ఎక్కడిదే? నాకు రాసింది పన్నెండున్నర కదా!"

తమ్ముడి చేత ఆ సీసా ఒక్కదాన్నే దగ్గర నుంచి మళ్లీ ఫొటో తీయించాను. 12.5 mcg. రెండుకీ అయిదుకీ మధ్య చుక్క నల్లగా, నిక్షేపంగా ఉంది. మొదటి ఫొటోలో అది లేదు. ఉన్న చుక్క ఫొటోలోకి రాకుండా ఎక్కడికి పోయింది? లేనిచోట ఏదో ఉన్నట్టు ఫోనుకూ నాకూ అనుమానమైనా ఎందుకు రాలేదు? ఈ అధ్యాయమంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే.

ముందు ఆ అంకెల బరువు తెలియాలి. థైరాక్సిన్ మన దేశంలో 12.5, 25, 37.5, 50, 62.5, 75, 88, 100, 112, 125 ఇలా చాలా బలాల్లో దొరుకుతుంది. అన్నీ మైక్రోగ్రాముల్లోనే. థైరాయిడ్ గ్రంథి దాదాపు పనిచేయని పెద్దవాళ్లకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన ఇస్తారు. డెబ్భై కిలోల మనిషికి అది 112 దగ్గర తేలుతుంది. అంటే 125 ఎవరికీ వింతగా తోచే మోతాదు కాదు, రోజూ ఎందరో వేసుకునేదే. కానీ వయసు మళ్లిన గుండె రోగులకు 12.5తోనో 25తోనో మొదలుపెట్టి, రక్తపరీక్ష చూస్తూ కొన్ని వారాలకొకసారి కొంచెం కొంచెం పెంచుతారు. ఈ మందు గుండె వేగాన్ని పెంచుతుంది. అలాంటి గుండెకు ఒక్కసారిగా పది రెట్లు ఇస్తే లయ తప్పవచ్చు, ఛాతీ నొప్పి రావచ్చు. నా కాగితం చూసి డాక్టరుగారు "ఇదే కొనసాగించండి" అని ఉంటే పిన్ని సీసాలో మాత్రలు అయిపోయినప్పుడు మందుల షాపులో అడిగేది 125నే. అది దొరికేది కూడా.

ఇప్పుడు చుక్క సంగతి. మందుల సీసాల మీద సన్నటి అక్షరాలు తరచు ఆరు పాయింట్ల సైజులో ఉంటాయి. ఒక పాయింటు అంటే మిల్లీమీటరులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఆ లెక్కన ఆరు పాయింట్ల అచ్చులో అంకె ఎత్తు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. దశాంశ చుక్క వెడల్పు మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే. అంకె ఎత్తులో చుక్క ఏడో వంతు ఉంటుందన్నమాట.

మా తమ్ముడు తీసిన ఫొటోలో బల్ల మీది 40 సెంటీమీటర్ల వెడల్పు పట్టింది. ఫోను కెమెరా ఆ వెడల్పును 4000 చిన్న గళ్లుగా, అంటే పిక్సెళ్లుగా కోస్తుంది. ఒక్కో మిల్లీమీటరుకు పది పిక్సెళ్లు. అంకెకు పదిహేను పిక్సెళ్ల ఎత్తు దొరికింది, చదవడానికి అది చాలు. చుక్కకు దొరికినవి అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు పిక్సెళ్లు. తర్వాత వాట్సాప్ ఫొటోను కుదించింది. 4000 పిక్సెళ్ల వెడల్పు 1600కు తగ్గిందనుకుంటే మిల్లీమీటరుకు మిగిలేవి నాలుగు. అంకె ఆరు పిక్సెళ్ల ఎత్తుకు కుంచించుకుపోయినా తంటాలు పడి చదవవచ్చు. చుక్కకు మాత్రం ఒక పూర్తి పిక్సెల్ కూడా లేదు. చుట్టూ ఉన్న తెలుపులో కలిసి లేత బూడిదరంగు మచ్చ అయింది.

కుదించని ఫొటో అయినా చుక్క గట్టెక్కుతుందన్న భరోసా లేదు. అక్షరాలు గుర్తించే ముందు చాలా ప్రోగ్రాములు ఫొటోలోని నలకలను తుడుస్తాయి. ఆ పని చేసే ఒక పాత పద్ధతి ఇలా ఉంటుంది. ప్రతి పిక్సెల్ చుట్టూ మూడు వరసల్లో మూడేసి చొప్పున తొమ్మిది పిక్సెళ్లను చూస్తారు. వాటిలో ఎక్కువ నల్లగా ఉంటే మధ్యదాన్ని నలుపు చేస్తారు, ఎక్కువ తెల్లగా ఉంటే తెలుపు చేస్తారు. నాలుగు పిక్సెళ్ల చుక్కను ఈ పరీక్షకు పెట్టండి. తొమ్మిదిలో నలుపు ఎప్పుడూ నాలుగుకు మించదు. ప్రతిచోటా తెలుపుదే పైచేయి, చుక్క మొత్తం చెరిగిపోతుంది. అదే చుక్క అడ్డంగా మూడు, నిలువుగా మూడు పిక్సెళ్లుంటే నాలుగు మూలలు పోయినా కూడిక గుర్తులాంటి ఆకారం మిగులుతుంది. రెండు పిక్సెళ్లకూ మూడు పిక్సెళ్లకూ మధ్య ఉన్న ఆ చిన్న తేడాలోనే పన్నెండున్నర నూట పాతిక అయిపోతుంది. అంకెలకు దీనివల్ల ఏమీ కాదు. పైపెచ్చు ఇంకా శుభ్రంగా కనిపిస్తాయి. ఫొటో స్పష్టంగా ఉంది కాబట్టి అందులో ఉన్నదంతా వచ్చేసిందనుకోవడం ఎంత పొరపాటో నాకు ఇక్కడే అర్థమైంది.

అయితే చుక్క పోయినా దాని చోటు పోదు. అచ్చు అక్షరాల్లో సాధారణంగా అంకెలన్నిటికీ ఒకే వెడల్పు ఇస్తారు. చుక్కకు అందులో దాదాపు సగం ఇస్తారు. పిన్ని సీసా మొదటి ఫొటోను మళ్లీ తీసి, ఒకటికీ రెండుకీ మధ్య ఖాళీని, రెండుకీ అయిదుకీ మధ్య ఖాళీని పోల్చి చూశాను. రెండోది స్పష్టంగా ఎక్కువ, సగం అంకె పట్టేంత. నిజంగా 125 అని అచ్చువేసి ఉంటే ఆ ఎడం రాదు. అప్పటి నుంచి ఏ లేబులులోనైనా అంకెల మధ్య ఎడం సమానంగా లేకపోతే ఆ ఫొటోను నేను నమ్మను, మళ్లీ తీయించుకుంటాను.

మంచి ఫొటోకు ఏం కావాలో ఈ లెక్కల్లోంచే వస్తుంది. లేబులు ఒక్కటే ఫ్రేము నిండా ఉండాలి. 10 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే పట్టేలా తీస్తే మిల్లీమీటరుకు 40 పిక్సెళ్లు వస్తాయి, చుక్కకు ఎనిమిది దక్కుతాయి. నలకలు తుడిచినా దానికి ఢోకా లేదు. మరీ దగ్గరికి వెళితే ఫోకస్ కుదరదు కాబట్టి అక్షరాలు మసకబారిన చోట కాస్త వెనక్కి జరగాలి. సీసా గుండ్రంగా ఉంటుంది కనుక పక్కలకు ఒంపు తిరిగిన అక్షరాలు సన్నబడతాయి. మధ్య నుంచి అరవై డిగ్రీల పక్కన ఉన్న అక్షరం సగం వెడల్పే కనిపిస్తుంది. అందుకే సీసాను తిప్పుతూ మూడు నాలుగు ఫొటోలు తీయాలి, ఒకదాని అంచు ఇంకోదానిలో కలవాలి. ఫ్లాష్ వేయకూడదు. వేస్తే మెరిసిన చోట ఏముందో మనకు తెలియకుండా పోతుంది. అల్యూమినియం రేకు షీట్ల మీద ఇది మరీ ఎక్కువ. పక్క నుంచి కిటికీ వెలుతురు పడితే మేలు. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించదు.

ఇక రెండో ప్రశ్న. నాకూ ఫోనుకూ అనుమానం ఎందుకు రాలేదు?

అదే లేబులు మీద ఫోను మందు పేరును మొదట Thyr0xine అని చదివిందనుకోండి, o స్థానంలో సున్నా పెట్టిందనుకోండి. ఎవరైనా చిటికెలో దిద్దుతారు. మాటల్లో అవసరానికి మించిన అక్షరాలు ఉంటాయి. ఒకటి పోయినా మిగిలినవి దాన్ని పట్టిస్తాయి. "తెనా_లో ఉండే పిన్ని" అని రాస్తే ఖాళీలో ఏముండాలో మీరు చెప్పగలరు. సమాచార సిద్ధాంతానికి మూలపురుషుడైన క్లాడ్ షానన్ 1951లో ఇంగ్లీషు మీద ఈ సంగతినే కొలిచి చూపించాడు. ముందు అక్షరాలు తెలిసినవారు తర్వాతి అక్షరాన్ని చాలాసార్లు సరిగ్గానే ఊహిస్తారని తేల్చాడు. అక్షరాలు గుర్తించే ప్రోగ్రాములకు పదకోశం జోడించేది ఈ బలాన్ని వాడుకోవడానికే.

అంకెలకు ఆ బలం లేదు. 12 తర్వాత ఏ అంకె వచ్చినా అది సంఖ్యే. 12.5 ఒక మోతాదు, 125 ఇంకో మోతాదు. రెంటికీ మందుల షాపు అరలో చోటుంది. 37.5లో చుక్క పోతే 375 అవుతుంది. అలాంటి థైరాక్సిన్ మాత్ర లేదు కనుక మందుల పట్టికతో పోల్చితే దొరికిపోతుంది. 12.5కు ఆ రక్ష కూడా లేదు. ఫోను తను చదివిన ప్రతి మాటకూ లోలోపల ఒక నమ్మకం మార్కు వేసుకుంటుంది. 125కు అది మంచి మార్కే వేసి ఉంటుంది, ఎందుకంటే కనబడిన మూడు అంకెలూ నిఖార్సైనవే. పోయినదాన్ని గురించి ఆ మార్కు ఏమీ చెప్పలేదు.

ఆధార్ సంఖ్యతో పోలిస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఆధార్‌లోని పన్నెండు అంకెల్లో చివరిది మిగతా పదకొండింటి నుంచి వెర్‌హాఫ్ అనే పద్ధతిలో లెక్కగట్టిన కాపలా అంకె. మధ్యలో ఏ ఒక్క అంకె తప్పు రాసినా కంప్యూటరు వెంటనే ఇది సంఖ్యే కాదంటుంది. మందు డబ్బా మీద బార్‌కోడు కింద ఉండే సంఖ్యకూ అలాంటి కాపలా ఉంది. మోతాదు పక్కన మాత్రం ఎవరూ లేరు.

2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త బయటపెట్టిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక ఇంటి ప్లానును జిరాక్స్ మిషన్లో స్కాన్ చేస్తే మూడు గదుల విస్తీర్ణమూ 14.13 చదరపు మీటర్లని వచ్చింది. అసలు కాగితం మీద ఒకటి 14.13, ఒకటి 17.42, ఇంకోటి 21.11. ఆ మిషను అక్షరాలను చదవడానికి ప్రయత్నించలేదు. ఫైలు సైజు తగ్గించడానికి, పేజీలో ఒకేలా కనిపించే చిన్న ముక్కలను ఒకే ముక్కగా దాచుకుని, మిగతా చోట్ల దాన్నే అతికించింది. సన్నటి అచ్చులో ఒక సంఖ్య ముక్క ఇంకో సంఖ్య ముక్కలా కనబడింది. ఫలితంగా మసక లేదు, చెదిరిన గీత లేదు, చక్కటి అక్షరాల్లో తప్పు సంఖ్య వచ్చింది. ప్లానులో పెద్దగా కనిపిస్తున్న గదికి చిన్న గది విస్తీర్ణమే ఉండటం చూసి పట్టుకున్నారు. అంకెల బయట ఉన్న ఇంకో సాక్ష్యం వాళ్లను కాపాడింది. నాకు పిన్ని గొంతు ఆ సాక్ష్యం.

ప్రమాణాల దగ్గరకు వస్తే తప్పు పది రెట్లతో ఆగదు. మైక్రోగ్రాముకు శాస్త్రీయ గుర్తు µg. మొదటిది గ్రీకు అక్షరం మ్యూ. అది చిన్న అచ్చులో u లాగో, p లాగో, m లాగో కనిపిస్తుంది. m గా చదివితే మైక్రోగ్రాము మిల్లీగ్రామైపోయి మోతాదు వెయ్యి రెట్లు పెరుగుతుంది. అందుకే వైద్యులకు చెప్పే జాగ్రత్తల్లో µg బదులు mcg రాయమంటారు. మన దేశపు సీసాల మీదా ఎక్కువగా mcg కనిపిస్తుంది. కానీ ఎత్తి రాసేవాళ్లం లేబులు మీద µg అని ఉంటే µg అనే దించాలి. మన సౌకర్యం కోసం మార్చాలంటే దాని పక్కన విడిగా, మనం రాసినట్టు తెలిసేలా రాయాలి.

ఈ గుర్తుకు కంప్యూటరులో ఇంకో చిక్కుంది. యూనికోడ్‌లో సూక్ష్మ ప్రమాణపు గుర్తు ఒకటి, గ్రీకు అక్షరం మ్యూ ఇంకొకటి. కంటికి ఒకేలా ఉంటాయి, యంత్రానికి వేరు. ఒకదానితో వెతికితే ఇంకోదానితో రాసిన మందు దొరకదు. ఇలాంటివాటిని ఏకం చేయడానికి ప్రోగ్రాములు NFKC అనే సాధారణీకరణ వాడతాయి. మ్యూ విషయంలో అది మేలే చేస్తుంది. భిన్నాల దగ్గర చూడండి. కొన్ని సిరప్పు సీసాల మీద చెంచా లెక్క 1½ అని ఒకే అక్షరపు భిన్నంతో అచ్చవుతుంది.

```
>>> import unicodedata
>>> unicodedata.normalize("NFKC", "1½")
'11⁄2'
```

ఒకటిన్నర చెంచా కాస్తా పదకొండు బై రెండు, అంటే అయిదున్నర అయింది. ఇందులో ఫొటో తప్పు లేదు, చదివినవారి తప్పూ లేదు. సరిగ్గా రాసిన తర్వాత శుభ్రపరచడంలో జరిగింది. బాక్టీరియా బీజాలున్న మందుల మీద పది పక్కన పైన చిన్నగా తొమ్మిది వేసి వందకోట్లను చూపిస్తే అదీ ఇలాగే 109గా మారుతుంది. మోతాదులున్న పాఠాన్ని ఈ యంత్రంలో వేయకూడదని నా నిశ్చితాభిప్రాయం.

తెలుగులోకి దించేటప్పుడు మన లిపి తెచ్చే ప్రమాదం ఇంకోటుంది. మిల్లీగ్రామును మి.గ్రా. అని రాస్తాం. మైక్రోగ్రామును అదే వరసలో మై.గ్రా. అని రాస్తే రెంటికీ మధ్య మిగిలేది గుడికీ ఐత్వానికీ ఉన్న తేడా ఒక్కటే. పెద్దవాళ్ల కళ్లకు, సన్నటి అచ్చులో, ఆ గీత ఎంతసేపు ఆనుతుంది? వెయ్యి రెట్ల తేడాను ఒక గుణింతపు గుర్తు మీద నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. పిన్ని కాగితంలో నేను మైక్రోగ్రాములు అని పూర్తిగా రాశాను, పక్కనే సీసా మీదున్న mcg కూడా ఉంచాను.

పొడి మాత్రల కన్నా ద్రవాల లేబుళ్లు కష్టం, ఎందుకంటే అక్కడ ఒక సంఖ్య సరిపోదు. ఎంత మందు, ఎంత ద్రవంలో అన్న రెండూ కలిస్తేనే అర్థం. మన ఔషధ నియమాలు, 1945లో 96వ నియమం ప్రకారం నోటి ద్వారా ఇచ్చే ద్రవాల బలాన్ని 5 మిల్లీలీటర్ల లెక్కన చూపాలి. మోతాదు అంతకన్నా తక్కువైతే ఒక మిల్లీలీటరు లెక్కన చూపవచ్చు. పిల్లల పారాసిటమాల్‌నే తీసుకోండి. చుక్కల మందు ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుగా వస్తుంది. సిరప్పు 5 మిల్లీలీటర్లలో 125గానో 250గానో వస్తుంది. అంకె చూస్తే 125 పెద్దది, 100 చిన్నది. బలం చూస్తే చుక్కల మందు ఆ సిరప్పుకు నాలుగు రెట్లు.

పది కిలోల పిల్లకు డాక్టరు 150 మిల్లీగ్రాములు ఇవ్వమన్నారనుకుందాం. 125 సిరప్పులో అది 6 మిల్లీలీటర్లు, 250 సిరప్పులో 3, చుక్కల మందులో ఒకటిన్నర. ఎత్తి రాసిన కాగితంలో "పారాసిటమాల్ 125 మి.గ్రా." అని మాత్రమే ఉండి, కొలత 6 మిల్లీలీటర్లని ఉందనుకోండి. ఇంట్లో చుక్కల సీసా ఉన్నవాళ్లు అదే 6 మిల్లీలీటర్లు పోస్తే పిల్ల కడుపులోకి 600 మిల్లీగ్రాములు పోతాయి. రాసినవాళ్లు ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు, కిందున్న సగాన్ని వదిలేశారంతే. అమెరికాలో ఉన్న మన కుటుంబాలు అక్కడి సీసాలు ఇక్కడికీ, ఇక్కడివి అక్కడికీ తీసుకెళ్తుంటాయి. అక్కడ పసిపిల్లల పారాసిటమాల్ 2011 దాకా 0.8 మిల్లీలీటరులో 80 మిల్లీగ్రాముల లెక్కన ఉండేది. ఈ గందరగోళం వల్లే దాన్ని 5 మిల్లీలీటర్లలో 160 లెక్కకు మార్చడం మొదలుపెట్టారు. ఇక్కడి సిరప్పుతో గాని, ఇక్కడి చుక్కలతో గాని ఆ కొత్త లెక్క కలవదు.

ఈ రెండు సంఖ్యల మధ్య లేబులు మీద ఉండేది ఒక ఏటవాలు గీత. 125 mg/5 ml లో ఆ గీత కాస్త నిలువుగా అచ్చయితే ఒకటి అంకెలా కనబడుతుంది, 125 mg 15 ml అని వస్తుంది. బలం మూడో వంతుకు పడిపోయినట్టు చదువుతాం. ఇంకో గుర్తు ఉష్ణోగ్రత పక్కన పైన ఉండే చిన్న సున్న. 25°C చాలాసార్లు 250C అవుతుంది. అది చూడగానే తెలిసిపోయే తప్పు. ఫోను ఇచ్చిన పాఠంలో అలాంటిది ఒకటి కనిపిస్తే నేను సంతోషిస్తాను. ఈ ఫొటోలో చిన్న గుర్తులు దెబ్బతిన్నాయని అది ముందే చెబుతోంది, మిగతా అంకెలన్నీ మళ్లీ చూసుకోవచ్చు.

పిన్ని సీసాను రెండోసారి ఎత్తి రాసినప్పుడు నా కాగితం ఇలా మొదలైంది.

```
Thyroxine Sodium Tablets I.P.
12.5 mcg
Each uncoated tablet contains:
Thyroxine Sodium I.P.   12.5 mcg
Store below 25°C
B. No. TX4[0/O]17
EXP. 08/2026
```

వరస ఎక్కడ విరిగిందో అక్కడే విరిచాను. mcg ని µg చేయలేదు, 0.0125 మిల్లీగ్రామని మార్చలేదు. ఒకవేళ లేబులు మీద 5.0 అని ఉంటే 5.0 అనే ఉంచాలి. చుక్క తర్వాత సున్నా రాయవద్దని డాక్టర్లకు చెబుతారు, చుక్క పోతే 50 అవుతుందన్న భయంతో. ఆ నియమం మందు రాసేవాళ్లకు వర్తిస్తుంది. అచ్చులో ఉన్నదాన్ని దించేవాళ్లు ఆ సున్నాను ఎత్తేస్తే, కాగితాన్ని సీసాతో పోల్చేవాళ్లకు రెండూ ఒకటేనా అన్న సందేహం వస్తుంది. బ్యాచ్ నంబరులో ఒక చోట సున్నానా, ఓ అక్షరమా తేలలేదు. ఇంకులో చుక్కలు చుక్కలుగా కొట్టిన అంకెల్లో ఆ రెంటికీ తేడా ఉండదు. ఊహించి ఏదో ఒకటి పెట్టకుండా రెండూ చతురస్ర కుండలీకరణంలో పెట్టాను. తెలియని చోటు తెలియనట్టే కనబడాలి. మోతాదు అంకెలోనే ఆ స్థితి వస్తే మాత్రం కుండలీకరణంతో సరిపెట్టకూడదు, ఆ వరస ఖాళీగా వదిలి సీసా తెప్పించుకోవాలి.

చూశారుగా, 12.5 లేబులు మీద రెండుసార్లు ఉంది. ముందు వైపు మందు పేరు కింద పెద్ద అక్షరాల్లో, పక్కన ఒక్కో మాత్రలో ఏముందో చెప్పే చోట చిన్న అక్షరాల్లో. మోతాదుకు కాపలా లేదన్నాను కదా, దొరికే కాపలా ఇదే. రెండింటినీ వేర్వేరుగా చదివి, వేర్వేరుగా రాసి, తర్వాత పోల్చాలి. ఒకటి చదివి దాన్నే మనసులో పెట్టుకుని రెండోది చూస్తే కన్ను చూడదలచుకున్నదే చూస్తుంది. మొదటి రోజు నాకు జరిగింది అదే. ఫోను 125 అని చెప్పాక ఫొటోలో 125 వెతికాను, దొరికింది. ఇప్పుడు ముందుగా నేను కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఫోను ఏం చదివిందో తెరుస్తాను. ఇంట్లో ఇంకొకరుంటే వాళ్లకు నా కాగితం చూపించకుండా ఫొటో ఇచ్చి చదివిస్తాను.

మూడో సాక్షిని తెలుగు ఇచ్చింది. బ్యాంకు చెక్కు మీద మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాం. రెండూ తేడా వస్తే అక్షరాల్లో రాసిందే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షను చెబుతుంది. అక్షరాల్లో అంకెల్లో లేని మిగులు బలం ఉందని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. మన భాషలో అది మరీ గట్టిగా ఉంది. ఇంగ్లీషులో చదివితే పన్నెండు, పాయింట్, అయిదు అని మూడు ముక్కలు, మధ్య ముక్క ఫోనులో వినబడకపోవచ్చు. తెలుగులో పన్నెండున్నర ఒకటే మాట. అందులోని "న్నర" ఊడిరాదు. ముప్పై ఏడున్నర, అరవై రెండున్నర కూడా అంతే. నూట పాతికకూ పన్నెండున్నరకూ చెవిలో ఎక్కడా పోలిక లేదు. డెబ్భై రెండేళ్ల మనిషి అద్దాలు లేకుండా, ఫోనులో, వినగానే పట్టుకుంది.

ఆ కాగితంలో థైరాయిడ్ మందు వరస ఇప్పుడు ఇలా ఉంది: థైరాక్సిన్ సోడియం మాత్ర, 12.5 mcg, అక్షరాలా పన్నెండున్నర మైక్రోగ్రాములు, సీసా మీద రెండు చోట్ల చూసింది. దాని వెనక పిన్ చేసిన ఫొటోలో చుక్క ఎనిమిది పిక్సెళ్ల వెడల్పుంది. హైదరాబాదులో డాక్టరుగారు కాగితం చూసి, ఫొటో తిప్పి చూసి, మోతాదు పాతికకు పెంచారు. పిన్ని చీటీ తీసుకుని బయటికొస్తూ "ఇరవై అయిదు, చుక్క లేదు" అని నాకు చదివి వినిపించింది.